జ్వరంలో అన్నం సయించకపోతే బలవంతంగా పెట్టాలా, లంఘనం చేయించాలా?

ప్రశ్న: నమస్తే అండీ. మా ఆయనకి 41 ఏళ్ళు, 65 కిలోలు, బీపీ సుగర్ ఏమీ లేవు. నాలుగు రోజులుగా జ్వరం, 103 దాకా వెళ్తోంది. డాక్టర్ గారు చూసి వైరల్ అన్నారు, రెండో రోజు చేసిన డెంగ్యూ టెస్ట్ నెగెటివ్. మనిషి అసలు తినట్లేదు, నోరు చేదు అంటారు, ముద్ద నోట్లో పెడితే డోకు వస్తుంది అంటారు. తినకపోతే రోగంతో ఎలా పోరాడతారు అని నేను బతిమాలి బలవంతాన పెడుతున్నా. మా అత్తగారేమో లంఘనం పరమౌషధం, మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వొద్దు అంటున్నారు. వీధి చివర ఆర్‌ఎంపీ గారు గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే బలం వస్తుంది అంటున్నారు. ఎవరి మాట వినాలి? మా పిల్లలకి వచ్చినా, సుగర్ ఉన్న మా అత్తగారికి వచ్చినా ఇదే పద్ధతా?

సమాధానం:

బలవంతాన పెట్టడం ఈ రోజు నుంచి ఆపేయండమ్మా. అలాగని మీ అత్తగారు చెప్పినట్టు ఒట్టి మంచినీళ్ళ మీద కూడా ఉంచకండి. ఆయన అడిగినప్పుడు, అడిగినంత, తేలిగ్గా దిగేది ఇవ్వండి, అన్నం విషయంలో పట్టు వదిలేసి ఆ పట్టుదల అంతా తాగించడం మీద పెట్టండి. గ్లూకోజ్ బాటిల్ వద్దు. ఇదీ క్లుప్తంగా నా మాట, ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే కారణం తెలిస్తే మీ కంగారు సగం తగ్గుతుంది, ఎప్పుడు నిజంగా కంగారు పడాలో కూడా తెలుస్తుంది.

ముందు తెలుసుకోవాల్సింది ఏంటంటే ఆకలి పోవడం అనేది క్రిమి చేసిన డ్యామేజ్ కాదు, ఆయన ఒంట్లోని రక్షణ వ్యవస్థే కావాలని ఆకలిని తగ్గిస్తోంది. వైరస్ గానీ బ్యాక్టీరియా గానీ లోపలికి రాగానే మన తెల్ల రక్తకణాలు వాటిని గుర్తుపట్టి సైటోకైన్లు అనే సంకేత పదార్థాల్ని రక్తంలోకి వదులుతాయి, వాటిల్లో ముఖ్యమైనవి ఐఎల్-1, ఐఎల్-6, టీఎన్ఎఫ్. ఇవే మెదడులో హైపోథాలమస్ అనే చోటికి కబురు పంపి ఒంటి వేడి పెంచమంటాయి, అదే జ్వరం. సరిగ్గా ఆ సంకేతాలే పక్కనే ఉన్న ఆకలి కేంద్రాన్ని కూడా అణిచేస్తాయి, నిద్ర మత్తు తెప్పిస్తాయి, ఎవరితో మాట్లాడబుద్ధి కాకుండా చేస్తాయి. అంటే జ్వరం, ఆకలి లేకపోవడం, ముసుగుతన్ని పడుకోవడం అన్నీ ఒకే ఆర్డర్‌లో భాగం. ఏ క్రిమీ లేకుండా ఒట్టి ఐఎల్-1 మాత్రమే ఆరోగ్యంగా ఉన్న ఎలుకకి ఇంజెక్షన్ ఇచ్చినా అది తిండి మానేసి ఓ మూల ముడుచుకుంటుంది, కాబట్టి ఆకలిని చంపుతున్నది క్రిమి కాదు, మన సొంత మనుషులే అని స్పష్టం. జబ్బు చేసిన కుక్క, ఆవు, కోడి, ఆఖరికి పురుగులు కూడా ఇలాగే మేత మానేస్తాయి. 1988లో బెంజమిన్ హార్ట్ అనే అమెరికన్ పశువైద్య శాస్త్రవేత్త ఇవన్నీ కలిపి ఒక వాదన పెట్టాడు, ఇన్ని జంతువుల్లో ఇన్ని యుగాలుగా నిలిచిపోయిన ప్రవర్తన ఒట్టి నీరసం కాదు, దీనివల్ల ఏదో లాభం ఉండబట్టే నిలిచింది అని. ఆ తర్వాత ఈ విషయం మీద ఆలోచించే పద్ధతే మారిపోయింది.

ఇంకోటి, అవే సంకేతాలు పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని కూడా తగ్గిస్తాయి. మామూలుగా రెండు మూడు గంటల్లో కిందకి దిగిపోయే అన్నం జ్వరంలో చాలాసేపు పొట్టలోనే కూర్చుంటుంది. అందుకే మీరు బతిమాలి నాలుగు ముద్దలు పెడితే ఆయనకి డోకు. ఆ నాలుగు ముద్దలతో పాటు అంతకుముందు కష్టపడి తాగించిన నీళ్ళు కూడా వాంతిలో పోతే మనం బలం ఇవ్వబోయి నష్టం చేసినట్టవుతుంది. బలవంతం వద్దు అనడానికి నా దగ్గరున్న మొదటి కారణం ఇదే, దీనికి ఏ పెద్ద సైన్సూ అక్కర్లేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, తినకపోతే పోరాడేది ఎలా అని. చాలా సహజమైన ప్రశ్న అది, నిజానికి శాస్త్రవేత్తల్ని కూడా ఇబ్బంది పెట్టిన ప్రశ్నే, ఎందుకంటే జ్వరంలో ఖర్చు పెరుగుతుంది కదా, ఖర్చు పెరిగే టైమ్‌లో రాబడి ఆపేయడం ఏంటి అని. మీ ఆయన లెక్కే వేద్దాం. 65 కిలోల మనిషి ఊరికే పడుకుని ఉన్నా రోజుకి దాదాపు 1500 కేలరీలు ఖర్చవుతాయి. థర్మామీటర్‌లో ఒక్కో డిగ్రీ ఫారెన్‌హీట్ పెరిగినప్పుడల్లా ఆ ఖర్చు ఇంచుమించు 7 శాతం పెరుగుతుంది. జ్వరం రోజంతా 103లోనే ఉండదు, మాత్ర వేశాక దిగుతుంది మళ్ళీ ఎక్కుతుంది, సగటున 101, 102 మధ్య అనుకుంటే ఖర్చు 1800కి చేరుతుంది, లేచి బాత్రూమ్‌కి వెళ్ళడం అటూ ఇటూ తిరగడం కలిపితే 2000. అంటే రోజంతా మంచం మీదే ఉన్నా ఆఫీసుకి వెళ్ళొచ్చిన రోజు ఖర్చుకి కాస్త తక్కువ అంతే. ఆయన తాగే పాలు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, రెండు ఇడ్లీలు కలిపి ఓ 500, 600 కేలరీలు లోపలికి వెళ్తున్నాయనుకుందాం. రోజుకి 1400 లోటు, నాలుగు రోజులకి 5600. ఇదంతా కొవ్వులోంచే తీస్తే ముప్పావు కిలో కూడా కరగదు. ఆ వయసులో ఆ బరువున్న మగమనిషి ఒంట్లో ఓ 15 కిలోల కొవ్వు మామూలుగా ఉంటుంది, అది లక్ష కేలరీల పైమాట. అయితే నిజంగా పూర్తిగా కొవ్వే కరగదు, కండ కూడా కొంత పోతుంది, ఆ సంగతి తర్వాత చెప్తాను. మిషన్ ఎక్కితే రెండు కిలోలు తగ్గినట్టు చూపించొచ్చు, అందులో ఎక్కువ భాగం నీళ్ళు, భయపడకండి. మొత్తానికి నాలుగైదు రోజుల జ్వరానికి పోరాడే సరుకు ఆయన ఒంట్లోనే ఉంది, కొత్తగా అన్నం లోపలికి వెళ్ళకపోయినంత మాత్రాన సైన్యం పస్తులుండదు.

సరే, సరుకు ఉంది కాబట్టి తినకపోయినా నష్టం లేదు అనుకున్నాం, మరి తినకపోవడం వల్ల లాభం ఏముంది? ఇక్కడే నాకు చాలా ఇష్టమైన ప్రయోగాలు రెండున్నాయి. 1979లో అమెరికాలో ముర్రే దంపతులని ఇద్దరు పరిశోధకులు ఎలుకలకి లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఎక్కించారు. అవి అనుకున్నట్టే మేత తగ్గించేశాయి. కొన్నిటిని వాటి ఇష్టానికి వదిలేశారు, కొన్నిటికి మాత్రం గొట్టం వేసి మామూలుగా తినేంత తిండి పొట్టలోకి పంపారు. వదిలేసిన వాటిల్లో సగం కంటే తక్కువ చనిపోయాయి, బలవంతంగా తినిపించిన వాటిల్లో దాదాపు అన్నీ చనిపోయాయి, పైగా తొందరగా చనిపోయాయి. బలం కోసం పెట్టిన తిండే ప్రాణం తీసింది అన్నమాట. అప్పట్లో ఎందుకలా జరిగిందో సరిగ్గా తేలలేదు.

2016లో యేల్ యూనివర్సిటీలో రుస్లాన్ మెజిటోవ్ టీమ్ ఇదే ప్రయోగాన్ని మళ్ళీ పట్టుకుని తిండిలో ఏది చంపుతోంది అని విడదీసి చూశారు. కొవ్వు ఇచ్చి చూశారు, ప్రొటీన్ ఇచ్చి చూశారు, గ్లూకోజ్ ఇచ్చి చూశారు. దోషి గ్లూకోజ్ అని తేలింది, ఒట్టి గ్లూకోజ్ ఇచ్చినా లిస్టీరియా ఎలుకలు చనిపోయాయి. ఇందులో అందరూ ఆశ్చర్యపోయిన సంగతి ఏంటంటే తిన్న ఎలుకల్లో బ్యాక్టీరియా ఎక్కువేమీ పెరగలేదు, రెండు గుంపుల్లోనూ క్రిములు దాదాపు ఒకటే. అంటే మనం అనుకున్నట్టు తిండి క్రిములకి అందక అవి చచ్చి రోగం తగ్గడం కాదు ఇక్కడ జరుగుతున్నది. పోరాటం జరిగేటప్పుడు పుట్టే మంట, విషపు ఆక్సిజన్ కణాలు మన సొంత కణాల్ని, ముఖ్యంగా మెదడు కణాల్ని కాలుస్తాయి. తిండి లేనప్పుడు లివర్ కొవ్వుని కరిగించి కీటోన్లు అనే ఇంధనం తయారు చేస్తుంది, ఆ కీటోన్ల మీద నడిచే మెదడు ఆ మంటని బాగా తట్టుకుంటుంది. గ్లూకోజ్ ఇస్తే ఇన్సులిన్ పెరిగి ఆ కీటోన్ల తయారీ ఆగిపోతుంది, ఆ రక్షణ పోతుంది. క్రిమిని చంపడం ఒక ఎత్తు, ఆ యుద్ధంలో మన ఇల్లు కాలిపోకుండా చూసుకోవడం ఇంకో ఎత్తు, ఆకలి తగ్గడం ఈ రెండో పనికి సాయం చేస్తున్నట్టుంది.

ఇక్కడ ఆపేస్తే మీ అత్తగారే గెలిచారు అనిపిస్తుంది, కానీ అదే పేపర్‌లో రెండో సగం ఉంది, దాన్ని చాలామంది చెప్పకుండా వదిలేస్తారు, ముఖ్యంగా ఉపవాసాల వీడియోలు చేసేవాళ్ళు. అదే టీమ్ ఇంకో గుంపు ఎలుకలకి ఇన్‌ఫ్లుయెంజా, అంటే ఫ్లూ వైరస్ ఎక్కించారు. అక్కడ ఫలితం తిరగబడింది. తిండి పెట్టిన ఎలుకలు ఎక్కువగా బతికాయి, గ్లూకోజ్ ఒంటికి అందకుండా మందుతో ఆపేస్తే చనిపోయాయి. ఇక్కడ కూడా వైరస్ లెక్కలో తేడా లేదు. వైరస్ మీద పోరాటంలో పుట్టే ఒత్తిడి వేరే రకం, దాన్ని తట్టుకోవడానికి మెదడు కణాలకి గ్లూకోజే కావాల్సి వచ్చింది. అంటే ఆకలి తగ్గడం అన్ని రోగాలకీ ఒకేలా మంచిది కాదు, ఒంట్లో ఏ రకం యుద్ధం నడుస్తోందన్న దాన్ని బట్టి తినకపోవడం రక్షించనూ వచ్చు, దెబ్బ తీయనూ వచ్చు.

మీ ఆయనది వైరల్ అన్నారు కాబట్టి ఇప్పుడు బాగా పెట్టాలేమో అని మీకు అనిపించొచ్చు. అలా చేయొద్దు. ఎలుక మీద ఒక్క వైరస్‌తో, ఒక్క బ్యాక్టీరియాతో తేలిన దాన్ని మనిషి మంచం దగ్గర రూల్‌గా పెట్టుకోకూడదు, పైగా మన ఇళ్ళల్లో వైరల్ అన్నది చాలాసార్లు అంచనాయే, నాలుగో రోజున టైఫాయిడ్ అని తేలడం మామూలే. ఆ ప్రయోగాల నుంచి మనం తీసుకోదగ్గది ఒక్కటే, ఆకలి తగ్గడం ఒంటి పద్ధతిలో భాగం, కొద్ది రోజుల పాటు దాన్ని గొట్టాలతోనూ బలవంతంతోనూ ఎదిరించక్కర్లేదు, అలాగే ఆయన అడిగితే వద్దని నోరు కట్టేయక్కర్లేదు. ఫ్లూ ఎలుకల సంగతి చూశాక పూర్తి లంఘనం అనే మాట మీద నాకు నమ్మకం లేదు, అది మీ అత్తగారితో మెల్లిగా చెప్పండి.

మనుషుల మీద సాక్ష్యం ఏమైనా ఉందా అంటే ఉంది, అయితే అది ఐసీయూ రోగుల మీద. 2011లో బెల్జియంలో 4640 మంది ఐసీయూ పేషెంట్లని రెండు గుంపులు చేశారు. గొట్టం ద్వారా పొట్టకి వెళ్ళే ఆహారం చాలనప్పుడు ఆ లోటుని రక్తనాళం ద్వారా ఎక్కించే పోషకాలతో ఒక గుంపుకి మొదటి రెండు రోజుల్లోనే పూడ్చేశారు, రెండో గుంపుకి మాత్రం ఎనిమిదో రోజు దాకా ఆగారు, విటమిన్లు ఖనిజాలు మాత్రం అందరికీ ఇచ్చారు. చావుల్లో తేడా రాలేదు, కానీ ఆగిన గుంపుకి కొత్త ఇన్ఫెక్షన్లు తక్కువ వచ్చాయి, వాళ్ళు ఐసీయూ నుంచి తొందరగా బయటపడ్డారు. అంతకుముందు దాకా తీవ్రమైన జబ్బులో కేలరీల లోటు ఎంత తొందరగా పూడిస్తే అంత మంచిది అని డాక్టర్లలో కూడా చాలామంది నమ్మేవాళ్ళు. మీరు ఇంట్లో పడుతున్న తాపత్రయమే వాళ్ళదీ.

ఇక ఇనుము సంగతి ఒకటి చెప్పి లాభాల విషయం ముగిస్తాను, ఎందుకంటే ఇది మీకు నేరుగా పనికొస్తుంది. చాలా బ్యాక్టీరియాలకి పెరగడానికి ఇనుము కావాలి. ఇన్ఫెక్షన్ మొదలైన కొద్ది గంటల్లోనే మన లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్ వదిలి పేగుల నుంచి ఇనుము రక్తంలోకి రాకుండా తలుపు మూసేస్తుంది, ఒంట్లో ఉన్న ఇనుముని కూడా కణాల్లో దాచేస్తుంది. తిండి తగ్గడం వల్ల బయటి నుంచి వచ్చే ఇనుము కూడా తగ్గుతుంది, రెండూ ఒకే దారిలో ఉన్నాయి. కాబట్టి నీరసంగా ఉన్నాడని ఈ నాలుగు రోజుల్లో ఐరన్ టానిక్‌లు మొదలుపెట్టకండి, తలుపు మూసి ఉంది కనుక అది ఎలాగూ ఒంటికి పట్టదు, పొట్టలో వికారం మాత్రం పెంచుతుంది. డాక్టర్ చెప్పగా ఎవరైనా గర్భిణి వాడుతున్న ఐరన్ అయితే అది వేరు, సొంతంగా ఆపకుండా ఆ డాక్టర్నే అడగాలి.

గ్లూకోజ్ బాటిల్ లెక్క కూడా వేద్దాం, మన ఊళ్ళల్లో దీని మీద ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. అర లీటరు ఐదు శాతం డెక్స్‌ట్రోజ్ బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్, అంటే 100 కేలరీల లోపు, చిన్న ఇడ్లీలు రెండు తిన్నట్టు. ఒట్టి సెలైన్ అయితే కేలరీలు సున్నా, ఉప్పునీళ్ళు మాత్రమే. ఎక్కించాక కాస్త లేచి కూర్చుంటారు నిజమే, అది నీటి లోటు తీరినందుకు, ఆ నీళ్ళు నోటితో తాగించినా అదే జరుగుతుంది. నోటితో తాగగలిగిన మనిషికి సూది గుచ్చి ఎక్కించడం వల్ల వచ్చేది అదనపు ఖర్చు, సూది దగ్గర వాపు, ఇంకో ఇన్ఫెక్షన్ ప్రమాదం. డెంగ్యూ గనక అయితే రక్తంలోని నీటి భాగం, అంటే ప్లాస్మా, రక్తనాళాల్లోంచి ఎంత కారుతోందో చూడకుండా బాటిళ్ళ మీద బాటిళ్ళు ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఏమీ నిలవకుండా వాంతులవుతుంటేనో, బీపీ పడిపోతుంటేనో సెలైన్ ప్రాణం నిలబెడుతుంది, అది ఆసుపత్రిలో కొలిచి ఎక్కించాల్సిన మందు.

డెంగ్యూ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, రెండో రోజు టెస్ట్ నెగెటివ్ వచ్చింది కదా అని పూర్తిగా వదిలేయకండి, ఒక్కోసారి నెగెటివ్ వచ్చి కూడా తర్వాత బయటపడుతుంది. నాలుగో రోజైనా జ్వరం దిగలేదంటే రేపు పొద్దున డాక్టర్ గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళి రక్తకణాల లెక్క, టైఫాయిడ్‌కి బ్లడ్ కల్చర్ అవసరమేమో అడగండి. అప్పటిదాకా పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి వద్దు. డెంగ్యూలో ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా జ్వరం దిగే టైమ్‌లో, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. జ్వరం దిగింది కదా అని మనం ఊపిరి పీల్చుకునే వేళకి కడుపులో విపరీతమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మనిషి మత్తుగా అయిపోవడం, చేతులు కాళ్ళు చల్లబడటం వీటిల్లో ఏది కనిపించినా అర్ధరాత్రైనా ఆసుపత్రికి బయల్దేరండి.

తాగించడం ఎలా అంటే, గ్లాసు నిండా ఇచ్చి తాగమంటే తాగరు, పది పదిహేను నిమిషాలకి రెండు మూడు గుక్కలు. రోజు మొత్తం మీద రెండు, రెండున్నర లీటర్లు వెళ్ళాలి, అందులో ఒట్టి నీళ్ళే కాకుండా ఉప్పు కలిపిన పల్చటి గంజి, మజ్జిగ, బార్లీ నీళ్ళు, కొబ్బరినీళ్ళు, మిరియాల చారు మార్చి మార్చి ఇవ్వండి. వాంతులు విరేచనాలు ఉంటే మాత్రం ఓఆర్ఎస్ కావాలి, అది ప్యాకెట్ మీద రాసినంత నీళ్ళలోనే, పెద్ద ప్యాకెట్ అయితే ఒక లీటరుకి ఒకటి, రుచి కోసం పంచదార కలపొద్దు. అట్టడబ్బాల్లో ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తియ్యటి డ్రింకులు ఇందుకు పనికిరావు. హైదరాబాద్‌కి చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దీని మీద పోరాడాక 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది, ఆవిడకి మనమంతా రుణపడి ఉన్నాం. సరిపడా తాగుతున్నారో లేదో తెలుసుకోవడానికి మూత్రం చూడండి, రోజుకి నాలుగు నుంచి ఆరుసార్లు వెళ్ళాలి, లేత పసుపులో ఉండాలి. ఆరేడు గంటలు వెళ్ళకపోయినా, టీ డికాక్షన్ రంగులో వచ్చినా, నాలుక ఎండిపోయినా, లేచి నిలబడగానే కళ్ళు తిరిగినా నీళ్ళు చాలట్లేదని అర్థం.

తిండికి టైమ్ చూసుకోండి. పారాసిటమాల్ వేసిన గంటకి ఒంటి వేడి దిగి మనిషి కాస్త తేరుకుంటాడు, ఆ గంటన్నర రెండు గంటలే మీ అవకాశం. అప్పుడు మెత్తగా ఉడికిన చారన్నమో, సగ్గుబియ్యం జావో, ఇడ్లీయో, పాలల్లో నానిన బ్రెడ్డో ఆయన ఏది అడిగితే అది ఇవ్వండి, నాలుగు చెంచాలు తిని చాలంటే కంచం తీసేయండి. పెరుగన్నం అడిగితే పెట్టండి, జలుబు చేస్తుందని భయం వద్దు. నూనె ఎక్కువున్న కూరలు, వేపుళ్ళు మాత్రం పొట్టలోంచి ఇంకా ఆలస్యంగా దిగుతాయి కనుక ఇప్పుడు వద్దు.

ఇప్పుడు మీ అత్తగారి లంఘనం సంగతి. ఆవిడ మాటని కొట్టిపారేయకండి, జ్వరం మొదట్లో తిండి తగ్గించమని ఆయుర్వేదం చెప్పిన మాట నిజమే. కానీ చరక సంహితలో జ్వరం అధ్యాయంలోనే రెండు షరతులు కూడా ఉన్నాయి, క్షీణించిన మనిషి జ్వరానికి లంఘనం వద్దని, చేయించినా బలం దెబ్బతినకుండానే చేయించాలని. ఆ తర్వాత జావలతో మొదలుపెట్టి మెల్లిగా తిండి పెంచుకుంటూ పోవాలి. ఎన్ని రోజులైనా మంచినీళ్ళ మీద ఉంచమని ఎక్కడా లేదు. ఆవిడకి శాస్త్రం మీద గురి ఉంటే ఈ మాట మీకు బాగా సాయపడుతుంది.

ఎన్నాళ్ళు అనేదే ఇందులో అసలు కీలకం. మూడు నాలుగు రోజుల లోటు ఒళ్ళు భరిస్తుంది. అది వారం దాటి సాగితే లెక్క మారిపోతుంది, ఎందుకంటే జ్వరంలో ఒళ్ళు మామూలు ఉపవాసంలో లాగా కండని పొదుపు చేసుకోదు, రోగనిరోధక కణాల తయారీకి కావాల్సిన ప్రొటీన్ కోసం కండని విరగ్గొడుతూనే ఉంటుంది. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో టైఫాయిడ్ జ్వరం మూడు నాలుగు వారాలుండేది, పేగులు చిల్లు పడతాయన్న భయంతో అన్ని వారాలూ పల్చటి ద్రవాల మీదే ఉంచేవాళ్ళు, జ్వరం తగ్గేసరికి మనిషి ఎముకల గూడు. 1909 ప్రాంతంలో న్యూయార్క్‌లో వారెన్ కోల్‌మన్ అనే డాక్టర్ టైఫాయిడ్ రోగులకి పాలు, మీగడ, గుడ్లతో కేలరీలు బాగా పెంచి ఇచ్చి, కండ నష్టం చాలా వరకు ఆగుతుందని కొలిచి చూపించాడు. అందుకే మీ ఆయనకి రేపు టైఫాయిడ్ అని తేలినా లంఘనం వద్దు, మెత్తటి ఆహారం కొంచెం కొంచెం రోజుకి ఆరుసార్లు. టీబీలో అయితే ఆకలి లేకపోవడం నెలల తరబడి సాగి మనిషిని తినేస్తుంది, అక్కడ తిండి కూడా మందుతో సమానం.

పిల్లల విషయానికొస్తే, ఇదే పద్ధతి వాళ్ళకి పూర్తిగా పనికిరాదు. చిన్నపిల్లల లివర్‌లో నిల్వ ఉండే గ్లూకోజ్ చాలా తక్కువ, ఖాళీ కడుపుతో ఓ రాత్రి గడిస్తేనే సుగర్ పడిపోయి వాడిపోతారు. బలవంతం వాళ్ళకీ వద్దు కానీ రెండు మూడు గంటలకోసారి ఏదో ఒకటి, పంచదార వేసిన పాలో జావో అరటిపండో ఇస్తూ ఉండాలి. తల్లిపాలు తాగే బిడ్డకి ఇంకా ఎక్కువసార్లు పట్టాలి. బిడ్డ పాలు పట్టుకోవడమే మానేసిందంటే దాన్ని ఆకలి తగ్గడం అనుకోకూడదు, అది ప్రమాద సూచన, ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి.

మీ అత్తగారి సుగర్ గురించి మాత్రం ఈ రోజే ఆవిడ డాక్టర్‌కి ఫోన్ చేసి, జ్వరమొస్తే ఏ మాత్ర ఆపాలి ఏది ఆపకూడదు అని కాగితం మీద రాయించుకోండి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర మామూలుగా వేసేసుకుని లంఘనం చేస్తే సుగర్ 50కి పడిపోయి స్పృహ తప్పొచ్చు. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మాత్రలు తినకుండా వేసుకుంటే రక్తంలో కీటోన్లు ప్రమాదకరంగా పేరుకుంటాయి, సుగర్ రీడింగ్ మామూలుగా ఉన్నట్టే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు. మెట్‌ఫార్మిన్ ఒంట్లో నీరు తగ్గినప్పుడు మంచిది కాదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళయితే తినట్లేదు కదా అని సొంతంగా మొత్తం ఆపేయకూడదు, జ్వరంలో తినకపోయినా సుగర్ పెరగొచ్చు. ఆవిడకి లంఘనం అనే మాటే ఇంట్లో రానివ్వకండి.

జ్వరం తగ్గిన ఒకటి రెండు రోజులకి మీ ఆయనకి ఆకలి బాగా పుంజుకోవాలి, ఒక్కోసారి మామూలు కన్నా ఎక్కువే వేస్తుంది. అప్పుడు పథ్యం పేరుతో ఇంకో వారం చారన్నం మీదే ఉంచకండి, పోయిన కండ తిరిగి కట్టుకునే రోజులవి. గుడ్డు, చేప, పప్పు, పెరుగు ధారాళంగా పెట్టండి, ఓ రెండు వారాలు రోజుకి ఒక పూట తిండి అదనంగా ఉన్నా మంచిదే. అలా కాకుండా జ్వరం పోయి మూడు రోజులైనా అన్నం వాసనే గిట్టట్లేదు అంటే ఆయన కళ్ళల్లో తెల్లగుడ్డు పసుపు తిరిగిందేమో వెలుతురులో చూడండి, మూత్రం ముదురు రంగులో వస్తోందేమో అడగండి. పచ్చకామెర్లలో చాలాసార్లు జ్వరం, ఆకలి చచ్చిపోవడం ముందొచ్చి, పసుపు రంగు జ్వరం దిగాక బయటపడుతుంది. అనుమానం ఉంటే పసరు మందులకి తీసుకెళ్ళకుండా లివర్ టెస్ట్ చేయించండి.